టికెట్టు మీద 20వ తేదీ 00:22 అని ఉంది. స్టేషనుకి ఏ రాత్రి వెళ్లాలి?

నాగావళి
మా అమ్మానాన్న సికింద్రాబాద్ నుంచి శ్రీకాకుళం వస్తున్నారు. రైలు 14వ తేదీ శుక్రవారం 11:50కి బయలుదేరుతుంది. శ్రీకాకుళం రోడ్డుకి, అంటే ఆమదాలవలస స్టేషనుకి, 01:38 అని ఉంది. ఆటో అతనికి "శుక్రవారం రాత్రి ఒకటిన్నర దాటాక ఆమదాలవలస స్టేషనుకి రా" అని చెప్పాను. "ఏ రాత్రమ్మా, గురువారం పడుకున్నాకా, శుక్రవారం పడుకున్నాకా?" అని తిరిగి అడిగాడు. నాకు సమాధానం తట్టలేదు.

తిరుగు టికెట్టు ఇంకా గందరగోళం. శ్రీకాకుళం రోడ్డు నుంచి 20వ తేదీ గురువారం 00:22. ఇది మధ్యాహ్నం కాదని తెలుసు. కానీ స్టేషనుకి వెళ్లాల్సింది 19 రాత్రా, 20 రాత్రా? ఇంట్లో ముగ్గురం మూడు రకాలుగా చెబుతున్నాం.

బొబ్బిలి వీణ
సులువే. 13 నుంచి 23 దాకా ఉన్న గంటల్లోంచి 12 తీసేస్తే సాయంత్రం, రాత్రి వేళలు వస్తాయి. 16:40 అంటే సాయంత్రం 4:40. గంటల చోట 00 ఉంటే రాత్రి పన్నెండు దాటిందని అర్థం. 12 ఉంటే మిట్టమధ్యాహ్నం. కాబట్టి 00:22 అంటే రాత్రి పన్నెండూ ఇరవైరెండు.

తేదీ సంగతికొస్తే, రైల్వే లెక్క ఎప్పుడూ రైలు మొదలైన రోజుదే. టికెట్టు మీద 20 అంటే ఆ రైలు 20న మొదలవుతుంది. మీరు 20 రాత్రి భోంచేసి వెళ్లండి.

పాత టైంటేబుల్
వీణ గారూ, మొదటి పేరా సరిగ్గా ఉంది. రెండోది వింటే వాళ్లకి రైలు తప్పిపోతుంది.

టికెట్టు మీద బయలుదేరే సమయం పక్కన ఉండే తేదీ ఎక్కే స్టేషనుది. రైలు ఎక్కడ ఏ రోజు పుట్టిందన్నది దానికి అనవసరం. 20వ తేదీ 00:22 అంటే, 20 మొదలై ఇరవైరెండు నిమిషాలు గడిచిన వేళ. ఆ ఇరవైరెండు నిమిషాలకి ముందు నడిచినదంతా 19, బుధవారం. కాబట్టి నాగావళి గారూ, 19 బుధవారం రాత్రి భోజనం చేసి ఇంట్లోంచి కదలాలి. పట్నం నుంచి స్టేషనుకి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. ఆ వేళకి ఆటోలు పలచబడతాయి కనుక పదిన్నరకే బండి సిద్ధంగా ఉంచుకోండి.

20 రాత్రి వెళ్తే ఏమవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ పొరపాటు చేసినవాళ్లకి రైలు కళ్లముందుకి వచ్చేదాకా అనుమానం రాదు. రోజూ నడిచే రైలైతే 20 రాత్రి కూడా అదే నంబరు బండి అదే వేళకి వస్తుంది. అదే పెట్టె, అదే బెర్తు. ఎక్కి చూస్తే మన బెర్తులో ఇంకెవరో పడుకుని ఉంటారు, వాళ్ల టికెట్టూ సరైనదే. అప్పుడు టీటీఈ మన కాగితం చూసి "ఇది నిన్నటి బండి" అంటారు. ఆ టికెట్టుకి ఇక విలువ లేదు, డబ్బు వెనక్కి రాదు. ఉన్నపళంగా టికెట్టు లేని ప్రయాణికుల కింద లెక్కేస్తారు.

ఇక వచ్చే రైలు. మీరు చెప్పిన వేళల్ని పట్టికలో పెడితే ఇలా ఉంటుంది. మధ్య స్టేషన్ల అంకెలు ఉదాహరణకి నేను వేసుకున్నవి, అసలు రైలువి కావు.

సికింద్రాబాద్: పోక 11:50, రోజు 1
విశాఖపట్నం: రాక 23:35, పోక 23:55, రోజు 1
విజయనగరం: రాక 00:48, పోక 00:50, రోజు 2
శ్రీకాకుళం రోడ్డు: రాక 01:38, పోక 01:40, రోజు 2

పై నుంచి కిందికి చదువుతూ గంటల అంకె ఎక్కడ తగ్గిందో చూడండి. విశాఖలో 23, విజయనగరంలో 00. అంకె పడిపోయిందంటే ఆ రెండు స్టేషన్ల మధ్య తేదీ మారింది. విశాఖ వదిలిన అయిదు నిమిషాలకే 15వ తేదీ వచ్చేసింది. అమ్మానాన్న దిగేది 15 శనివారం, తెల్లవారుజాముకి ముందు. ఆటో అతని ప్రశ్నకి జవాబు: శుక్రవారం పడుకున్నాక.

నాగావళి
అమ్మయ్య. మరి తిరుగు రైలు వివరాల్లో ఇంకో మెలిక కనిపించింది. సికింద్రాబాద్ చేరేది 14:35, దాని పక్కన "రోజు 2" అని ఉంది. ఎక్కేది 20, రెండో రోజు అంటే 21 మధ్యాహ్నమా? అక్కడ మా అన్నయ్య స్టేషనుకి రావాలి, వాడికి సెలవు ఏ రోజు పెట్టుకోమనాలి?

పాత టైంటేబుల్
మంచిచోట ఆగారు. చాలామంది తడబడేది ఇక్కడే.

రోజు 1, రోజు 2 అన్న లెక్క మీరు ఎక్కిన దగ్గర్నుంచి కాదు, రైలు మొదలైన ఊరి నుంచి. ఇది ఏ ఊళ్లో మొదలవుతుందో చూడండి.

నాగావళి
భువనేశ్వర్, 18:45.

పాత టైంటేబుల్
అయితే భువనేశ్వర్‌లో 19 బుధవారం సాయంత్రం 6:45కి మొదలవుతుంది, అది రోజు 1. మన శ్రీకాకుళం రోడ్డుకి వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది కాబట్టి ఇక్కడే రోజు 2. మీ స్టేషను వరుసలో కూడా 2 అనే ఉంటుంది, చూడండి. సికింద్రాబాద్‌లోనూ 2. దిగే స్టేషను అంకెలోంచి ఎక్కే స్టేషను అంకె తీసేయండి: 2లోంచి 2 పోతే సున్నా. అంటే తేదీ మారలేదు. 20 గురువారం 00:22కి ఎక్కి, అదే 20 గురువారం మధ్యాహ్నం 2:35కి దిగుతారు. అన్నయ్యని గురువారం సెలవు పెట్టుకోమనండి.

తేడా 1 వస్తే మర్నాడు, 2 వస్తే ఎల్లుండి. ఇంకో జాగ్రత్త, ఈ "రోజు" అంటే ఇరవైనాలుగు గంటలు నిండటం కాదు, అర్ధరాత్రి గీత దాటడం. 23:50కి మొదలైన బండి పావుగంట నడిస్తే చాలు, రోజు 2 అయిపోతుంది.

నమ్మకం కుదరకపోతే ప్రయాణ కాలంతో సరిచూసుకోండి. 00:22 నుంచి 14:35 అంటే పద్నాలుగు గంటల పదమూడు నిమిషాలు. ఈ దూరానికి అది సబబుగా ఉంది. 21న చేరుతుందనుకుంటే ముప్పైఎనిమిది గంటలు దాటుతుంది. ఇక్కడి నుంచి సికింద్రాబాద్‌కి ఏ బండికీ అంత పట్టదు. ఒక రోజు పొరపాటు పడితే లెక్కలో ఇరవైనాలుగు గంటలు అదనంగా వచ్చి కూర్చుంటాయి కనుక దొరికిపోతుంది.

రాజాం అల్లుడు
నాదీ ఇలాంటిదే. హైదరాబాద్ నుంచి రాజాం బస్సు టికెట్టు మీద 12:05 ఏఎం అని ఉంది. 24 గంటల్లో అయితే 12:05 అంటే మధ్యాహ్నం అన్నారు కదా. మరి నేను మధ్యాహ్నం వెళ్లాలా?

బొబ్బిలి వీణ
అల్లుడు గారూ, మీ టికెట్టులో ఏఎం అని ఉందంటే అది 24 గంటల పద్ధతి కాదు. ఏఎం పక్కన 12 ఉంటే అర్ధరాత్రి, రైలు భాషలో 00:05. పీఎం పక్కన 12 ఉంటే మధ్యాహ్నం. ఏఎం, పీఎం రెండూ లేకుండా ఒట్టి 12:05 ఉంటేనే నేను చెప్పింది వర్తిస్తుంది.

రాజాం అల్లుడు
తేదీ 16 అని ఉంది. అయితే 15 రాత్రి?

పాత టైంటేబుల్
12:05 ఏఎం మీరు ఎక్కే చోటి సమయమూ, 16 మీరు ఎక్కే చోటి తేదీ అయితే 15 రాత్రే. కానీ బస్సు టికెట్టులో రెండు సమయాలు ఉంటుంటాయి, బస్సు మొదలయ్యేది ఒకటి, మీరు ఎక్కే పాయింటుది ఒకటి. బస్సు 15 రాత్రి పదకొండున్నరకి ఒకచోట మొదలై, మీ పాయింటుకి పన్నెండూ అయిదుకి వస్తే టికెట్టు మీద 15 వేశారా 16 వేశారా అన్నది బుక్ చేసిన సైటుని బట్టి మారవచ్చు. మీ టికెట్టులో బోర్డింగ్ పాయింటు ఎదురుగా ఏ తేదీ ఉందో చూడండి. అక్కడ తేదీ లేకపోతే కౌంటరుకి ఫోన్ చేసి "ఏ రాత్రి" అని అడగండి, "ఏ తేదీ" అని కాదు.

వంశధార పంతులమ్మ
ఈ చిక్కంతా మన మాటలో ఉంది, పట్టికలో కాదు. మనకి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. పంచాంగంలో వారం మారేది పొద్దు పొడిచాకే. అందుకే శుక్రవారం పూట తిథి రాత్రి ఒంటిగంట దాకా ఉంటే, దాన్ని శుక్రవారం కిందే రాస్తారు. ఇంట్లో మాటా అంతే, "శుక్రవారం రాత్రి ఒంటిగంటకి" అంటే శుక్రవారం పడుకున్న తరవాత అనే. రైల్వే గడియారం మాత్రం అర్ధరాత్రే రోజు మార్చేసి శనివారం 01:00 అంటుంది. నాగావళి గారు ఆటో అతనికి చెప్పిన మాట తెలుగులో తప్పు కాదు. అతను అడిగిందీ తప్పు కాదు, అతను ఎన్నో రైళ్లకి వెళ్లే మనిషి.

నేను వాడే పద్ధతి ఒకటి చెబుతాను. అర్ధరాత్రి దాటిన సమయానికి 24 కలిపి ముందురోజు కింద రాసుకుంటాను. 15వ తేదీ 01:38 అన్నది 14వ తేదీ 25:38 అవుతుంది. 20వ తేదీ 00:22 అన్నది 19వ తేదీ 24:22. ఇప్పుడు మన పంచాంగపు రాత్రీ రైలు రాత్రీ ఒకే వరుసలోకి వస్తాయి. కొన్ని ఆన్‌లైన్ పంచాంగాల్లో కూడా ఇలా 24 దాటిన గంటలు కనిపిస్తాయి. ప్రయాణ కాలం లెక్కకీ ఇదే సులువు, 25:38లోంచి 11:50 తీసేస్తే 13:48. ఒక రోజు అప్పు తెచ్చుకునే పని ఉండదు.

పలాస జీడిపప్పు
ఏటండీ బాబూ, గడియారంలో లేని గంటలు పెడతన్నారు. 25:38 అని టికెట్టు సైటులో కొడితే తీసుకుంటాదా?

వంశధార పంతులమ్మ
తీసుకోదు. అది మీ డైరీకీ వంటింటి క్యాలెండరుకీ మాత్రమే. స్టేషను బోర్డు మీద, టికెట్టులో, సైటులో ఎక్కడా 24 దాటిన గంటలు వెతకకండి.

సిరిమాను చూడాలి
నాకు వేరే అనుమానం. విజయనగరంలో మంగళవారం సిరిమానోత్సవం చూసి, ఆ రాత్రే సికింద్రాబాద్ బయలుదేరదామని ఒక వారపు రైలు చూశాను. నడిచే రోజు "మంగళ" అని రాసుంది, విజయనగరంలో 01:25. భువనేశ్వర్ నుంచే వస్తుంది. మంగళవారం తేదీ వేసి విజయనగరం నుంచి వెతికితే ఆ రైలే రావడం లేదు. రద్దయిందా?

పాత టైంటేబుల్
రద్దు కాలేదు. నడిచే రోజులు కూడా రైలు మొదలైన ఊరివే. మంగళవారం సాయంత్రం భువనేశ్వర్ వదిలిన బండి విజయనగరానికి వచ్చేసరికి బుధవారం 01:25. మీరు విజయనగరం నుంచి వెతుకుతున్నారు కాబట్టి బుధవారం తేదీ వేయాలి. అప్పుడు కనిపిస్తుంది.

ఇది వారపు రైలు కావడం మీ అదృష్టం. రోజూ నడిచేదయితే మంగళవారం వేసినా చక్కగా దొరికేది, బుక్ చేసేసేవారు. మంగళవారం 01:25 అంటే సోమవారం రాత్రి. సిరిమాను ఊరేగింపు మొదలయ్యే వేళకి మీ బండి సికింద్రాబాద్ దాపుల్లో ఉండేది.

సిరిమాను చూడాలి
అమ్మో.

బొబ్బిలి వీణ
చూశారా, రైలు మొదలైన రోజే లెక్క అని నేనన్నది పూర్తిగా గాలికి పోలేదు. తత్కాల్ కూడా దానితోనే నడుస్తుంది. రైలు మొదలయ్యే తేదీకి ఒక రోజు ముందు తెరుస్తారు, ఏసీకి పొద్దున్న 10కి, స్లీపరుకి 11కి.

పాత టైంటేబుల్
ఇది నిజం, పైగా అందరికీ పనికొచ్చేది. నాగావళి గారి తిరుగు రైలే తీసుకోండి. టికెట్టు తేదీ 20. దానికి ముందురోజు 19 కదా అని 19 పొద్దున్న పదికి కూర్చుంటే, తత్కాల్ అప్పటికే ఒక రోజు కింద అయిపోయి ఉంటుంది. రైలు 19న మొదలవుతుంది కనుక తత్కాల్ తెరిచేది 18 పొద్దున్న. ఫారంలో ప్రయాణ తేదీ మాత్రం 20 అనే వేయాలి. ఎక్కే స్టేషనులో రోజు 2 ఉంటే టికెట్టు తేదీకి రెండు రోజుల ముందు, రోజు 3 ఉంటే మూడు రోజుల ముందు. మామూలు రిజర్వేషను గడువు లెక్కించేదీ రైలు మొదలైన తేదీ నుంచే.

అంటే టికెట్టు తేదీ ఎక్కే ఊరిది, తత్కాల్ తేదీ రైలు పుట్టిన ఊరిది. వీణ గారు రెండోదాన్ని మొదటిదానికి కూడా వేశారు, అంతే తేడా.

చీపురుపల్లి చలం
రైలు ఎక్కడుందో చూసేటప్పుడూ ఇదే తంటా వస్తుంది. 19 రాత్రి స్టేషనులో కూర్చుని, పన్నెండు దాటాక ఫోనులో చూస్తే తేదీ 20 అయిపోయి ఉంటుంది. రైలు ఎక్కడుందో చూపే రైల్వే యాప్ ఎన్‌టీఈఎస్‌లో "ఈరోజు" అని నొక్కితే 20న మొదలవ్వాల్సిన బండిని చూపిస్తే, "ఇంకా బయలుదేరలేదు" అని వస్తుంది. అది చూసి బండి రావట్లేదనుకుని ఇంటికి పోకూడదు. అడుగుతున్నది రైలు మొదలైన తేదీయా, మీ స్టేషను తేదీయా అన్నది చదివి నొక్కాలి. మొదలైన తేదీ అడిగితే 19.

ఆలస్యంతో ఇంకో రకం చిక్కు. విజయనగరంలో 23:40 బండి ఉందనుకోండి, టికెట్టు 19. ముప్పావుగంట ఆలస్యమై 00:25కి వచ్చింది, అప్పటికి తేదీ 20. టికెట్టు చెల్లదని కొందరు కంగారు పడతారు. చెల్లుతుంది. అది 19వ తేదీ 23:40 బండే, రాక ఆలస్యమైంది గాని బండి మారలేదు. తేదీ ఎప్పుడూ పట్టికలో ఉన్న వేళని బట్టే.

పలాస జీడిపప్పు
మరి బండి 23:58కి వచ్చి 00:02కి పోతే? వచ్చినప్పుడు 19, పోయినప్పుడు 20. టికెట్టు ఏ తేదీకి తీయాలి?

పాత టైంటేబుల్
ఎక్కేవాళ్లకి పోక సమయం ముఖ్యం, దిగేవాళ్లకి రాక సమయం. కాబట్టి ఎక్కేవాళ్లకి 20, దిగేవాళ్లకి 19.

బొబ్బిలి వీణ
కానీ పట్టికలో ఒక స్టేషనుకి "రోజు" అంకె ఒక్కటే ఉంటుంది కదా. రాకకి 1, పోకకి 2 అని రెండు వేయరు. ఆ అంకె రాకదో పోకదో ఎలా తెలుస్తుంది?

పాత టైంటేబుల్
ఆ ఒక్క స్టేషను విషయంలో అంకెని నమ్ముకోవద్దు. దాని తరవాతి స్టేషను అంకె చూడండి, అక్కడ 2 అని ఉంటే గీత ఈ నాలుగు నిమిషాల్లోనే దాటిందని తేలుతుంది. బుక్ చేశాక టికెట్టులో పోక సమయం పక్కన ఏ తేదీ పడిందో దాన్నే పట్టుకోండి.

చీపురుపల్లి చలం
సరిగ్గా పన్నెండుకే ఆగే బండ్లకి కొన్ని పట్టికల్లో రాకకి 24:00, పోకకి 00:00 వేస్తారు. 19వ తేదీ 24:00, 20వ తేదీ 00:00 రెండూ ఒకే క్షణం. ఫోన్లలో మాత్రం 24:00 కనిపించదు, ఒట్టి 00:00 చూసి ఏ వైపు రాత్రో తేల్చుకోవాలి.

పలాస జీడిపప్పు
వీణ గారి ప్రశ్న ఇంకా నాకు తెగలేదు గాని, మా పలాసలో అలాంటి బండి ఎక్కను లెండి.

నాగావళి
ఆటో అతనికి ఇలా పంపుతున్నాను, చూడండి: "శుక్రవారం 14 రాత్రి భోజనాలయ్యాక, తెల్లారితే శనివారం 15. గడియారంలో 1:38. ఒంటిగంట పావుకి స్టేషను బయట ఉండాలి." తిరుగు ప్రయాణానికి: "బుధవారం 19 రాత్రి పదిన్నరకి మా ఇంటికి. బండి 12:22కి."

వంశధార పంతులమ్మ
బాగుంది. రెండోదానిలో "రాత్రి 12:22" అని రాయండి. ఒట్టి 12:22 అంటే అతను మధ్యాహ్నం అనుకుంటాడు.

చీపురుపల్లి చలం
ఫోను క్యాలెండరులో 20వ తేదీ 00:22 అనే పెట్టి, రెండు గంటల ముందు గుర్తుచేయమనండి. 19 రాత్రి 10:22కి మోగుతుంది. అదే మీరు అలారం అనుకుని 20వ తేదీకి రాత్రి పదిన్నర అని పెట్టారంటే, మోగేసరికి బండి సికింద్రాబాద్ చేరి ఎనిమిది గంటలవుతుంది. ఇంకోటి, అమ్మానాన్న వచ్చే రాత్రి ఎవరైనా లాడ్జిలో దిగేలా ఉంటే గది 14వ తేదీకి తీసుకోవాలి. 15కి తీసుకుంటే ఒంటిగంటన్నరకి వెళ్లి మధ్యాహ్నం దాకా బయట కూర్చోవాలి.

నాగావళి
లాడ్జి అక్కర్లేదు, ఇల్లుంది. అలారం మాత్రం మీరన్నట్టే 20వ తేదీకి పెట్టి ఉంది. ఇప్పుడే మార్చాను.